పన్నెండో సర్టిఫికెట్

నోట్లో పన్ను కదిలితే డాక్టరు పీకుతాడు. నోటీసులో పన్ను కదిలితే అది మనల్ని పీకుతుంది. పట్టాభిరామన్‌కు కదిలింది ఈ రెండో రకం పన్ను.

ఏప్రిల్ మొదటి వారంలో పోస్ట్‌మ్యాన్ పుదుచ్చేరి నెల్లితోపులో ఆయన గుమ్మం ముందు సైకిలాపి స్పీడ్ పోస్టు కవరు చేతిలో పెట్టాడు. పట్టాభిరామన్ కవరును చూడలేదు, మనిషిని చూశాడు.

"కాఫీ తాగి పోరాదా అయ్యా. డికాషన్ దిగి ఉండాది."

"ఇంకా రెండు వీధులుండాయి సార్" అని పోస్ట్‌మ్యాన్ సంతకం పుచ్చుకుని వెళ్లిపోయాడు. దిగిన డికాషన్ దిగినట్టే చల్లారింది.

ఆ ఇంటికి మనిషి రావడం ఈ మధ్య అంత అరుదు. మిల్లులో స్టోర్స్ గుమాస్తాగా చేసి రిటైరైన పట్టాభిరామన్‌కు పిల్లల్లేరు. భార్య లీలమ్మ పోయి నాలుగేళ్లు కావస్తోంది. లోన్ కావాలా సార్ అని ఫోన్ చేసే అమ్మాయిలతో ఆయన తీరిగ్గా వడ్డీ రేట్ల దగ్గర మొదలుపెట్టి వాళ్ల ఊళ్లో వానల దాకా మాట్లాడతాడు. ఆఖరికి వాళ్లే విసిగి పెట్టేస్తారు. అప్పు అమ్ముకునేవాళ్లే తప్పించుకు తిరిగే మనిషి పుదుచ్చేరి మొత్తంలో ఈయన ఒక్కడే అయివుండాలి.

కవరు చించాడు. ఇంగ్లీషులో చాలా రాశారు గాని అంకెకు భాష అక్కర్లేదు కదా. పన్నెండు లక్షలు దాటిన అంకె. ముప్పై రోజుల్లో కట్టాలి. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. తుడిస్తే జోడు మీది మరక పోయింది, అంకె పోలేదు.

మార్కెట్ పక్కన జిరాక్సు కొట్టు మేడ మీద అభినయ ఆఫీసుంది. పన్నుల ప్రాక్టీసు ఆమెది. వీధిలో అందరికీ ఆడిటరమ్మ, పట్టాభిరామన్‌కు మాత్రం ఒకప్పుడు లీలమ్మ దగ్గర ముగ్గులు నేర్చుకున్న పిల్ల. ఆమె కాగితాలు రెండుసార్లు తిప్పి చూసింది.

"మామా, రెండువేల ఇరవైయొకటి ఏప్రిల్ నుంచి ఏడాదిలో మీ సేవింగ్స్ ఖాతాలో పదకొండు లక్షల నలభై వేలు క్యాష్ పడింది. పది లక్షలు దాటితే బ్యాంకు వాళ్లకు చెప్పాల్సిందే, చెప్పినారు. ఇదేమి డబ్బని డిపార్ట్‌మెంటు అడిగింది. మీరు జవాబివ్వలా. అందుకని మీరు లేకుండానే ఆర్డర్ వేసేసినారు. సెక్షన్ అరవైతొమ్మిది ఏ, వివరణ లేని సొమ్ము. దానికి మామూలు రేటు కాదు, సర్‌ఛార్జీ సెస్సు కలిపి డెబ్భైఎనిమిది శాతం. ఆపైన ఇన్నేళ్ల వడ్డీ."

"పదకొండు లక్షలకు పన్నెండు లక్షల పన్నా? ఆదాయపు పన్నంటారే, దీంట్లో ఆ దయ యాడుండాది పాపా?"

అభినయ నవ్వలేదు. "అడిగినప్పుడు ఎందుకు పలకలేదు మామా?"

"ఎవరడిగినారు?"

ఆమె కంప్యూటర్లో చూసింది. ఆయన పాన్ కార్డు తీసిన రోజున బ్రౌజింగ్ సెంటర్ వాడు ఈమెయిల్ గడిలో తన ఈమెయిలే కొట్టేశాడు. నోటీసులన్నీ శ్రద్ధగా ఆ సెంటర్‌కే వెళ్లాయి. ఆ సెంటర్ మూతపడి ఇప్పుడక్కడ బిర్యానీ అమ్ముతున్నారు.

"సరే. ఇంతకీ ఎవరి డబ్బది?"

"నీకు తెలవదా? కడచూపు ఫండ్."

అభినయకు తెలుసు. వాళ్ల ఇంటి నుంచీ ఆ డబ్బు వెళ్తుంది. తెలిసినదాన్నే తెలియనట్టు అడిగి రాసుకోవడం ఆమె వృత్తి.

తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ ఎనభై ఇళ్ల వాళ్లు నెలకు ఐదువందలు వేసుకుంటారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే పట్టాభిరామన్ బ్యాంకుకు పోయి లక్ష తీస్తాడు, ఆ ఇంటికి వెళ్లి తలాపున వెలిగే దీపం పక్కన పెట్టి మాట్లాడకుండా బయటికొస్తాడు. ఖర్చులు పోగా మిగిలింది పదహారో రోజు కర్మ అయ్యాక ఆ ఇంటివాళ్లు తెచ్చి ఆయనకిస్తారు. ఆయన దాన్ని మళ్లీ ఖాతాలో వేస్తాడు. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు, అందుకే బ్యాంకు ఖాతా లేదు. ఉన్నది పట్టాభిరామన్.

"రసీదులు?"

"చావింటి డబ్బుకు కాగితం ఉండకూడదు. రాస్తే ఇంకో చావును పిలిచినట్టని మనవాళ్ల పట్టింపు."

"కాగితం లేకపోతే పిలవకుండానే వచ్చేది ఇదీ" అని అభినయ నోటీసు మీద వేలు పెట్టింది. "మామా, మూడు పనులు. ఒకటి, ముప్పై రోజుల్లోపల అప్పీలు. రెండు, పోర్టల్లో ఈ డిమాండ్‌ను ఒప్పుకోమని జవాబు. మూడు, అప్పీలు తేలేదాకా వసూలు ఆపమని ఇక్కడి ఆఫీసరుకు అర్జీ. గడువు దాటిపోతే వాళ్లు బ్యాంకుకు రాసి ఖాతాను అటాచ్ చేయొచ్చు."

పట్టాభిరామన్ అప్పటిదాకా బాగానే కూర్చున్నాడు. ఆ మాటకు లేచి నిలబడ్డాడు. "ఆ ఖాతాలో ఉండేది నా డబ్బు కాదే. ఎవరింట్లోనైనా దీపం పెడితే నేనేం తీసుకుపోయేది?"

"అదే మనం రాయాల. రాసేటప్పుడు ఏడ్చినట్టుండకూడదు, వరసగా ఉండాల. ముందు జరిగింది, తర్వాత తేదీలు, ఆ తర్వాత చట్టం. చదివేవాడు ఒక్క చోట కూడా ఆగి, ఇదేందని అడక్కూడదు."

జరిగింది రాయడం సులువైంది. తేదీల దగ్గరే ఆయన కొత్త మనిషిలా కనబడ్డాడు. పాస్‌బుక్కులో లక్ష తీసిన ప్రతి వరస మీదా అభినయ పెన్సిల్ ఆపితే, ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు. "అది అన్నమ్మాళ్. ఆ రోజు కరెంటు లేదు, కొవ్వొత్తి పెట్టినారు. ఇది సెంగమలం మొగుడు. ఇది మన ప్రభు నాయన, ఆసుపత్రి నుంచి నేరుగా తీసుకుపోయినారు, ఇంటికి తేనియ్యలా." అది కరోనా రెండోసారి విరుచుకుపడ్డ సంవత్సరం. మామూలుగా ఏడాదికి రెండో మూడో దీపాలు పెట్టే వీధిలో ఆ ఏడాది పదకొండు. లక్ష తీసినప్పుడల్లా పదహారు రోజులకు కొంత తిరిగొచ్చింది. ఆంక్షల కాలం కాబట్టి ఖర్చు తక్కువ, తిరిగొచ్చింది ఎక్కువ.

అభినయ కూడింది. చందాలు నాలుగు లక్షల ఎనభై వేలు. తిరిగొచ్చినవి ఆరు లక్షల అరవై వేలు.

"చూడండి మామా. సగానికి పైన ఈ ఖాతాలోంచే తీసింది, ఈ ఖాతాకే తిరిగి వచ్చింది. దాన్ని కొత్త డబ్బని లెక్కేసినారు. ఒకే మనిషి వాకిట్లోంచి పోయి దొడ్డిదోవన వస్తే ఇంట్లో ఇద్దరున్నారన్నట్టు."

"ఇద్దరుంటే బాగానే ఉండును" అన్నాడు పట్టాభిరామన్. అభినయ తల దించుకుని రాసుకుంటూ పోయింది.

బ్యాంకు తేదీలు ఉంటే చాలదు, చావు తేదీలు వాటి పక్కన నిలబడాలి. అందుకు మరణ ధ్రువపత్రాల నకళ్లు కావాలి. లక్ష ముట్టిందనీ, మిగిలింది తిరిగిచ్చామనీ ఒక్కో ఇంటి నుంచి సంతకంతో ఉత్తరం కావాలి. వీధిలో చాలామందికి ఇంట్లో తెలుగే గాని తెలుగు అక్షరాలు రావు. అందుకని అభినయ ఉత్తరాల్ని తమిళంలో టైపు చేసి ఇచ్చింది. పట్టాభిరామన్ వాటిని సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

అంతవరకు ఆ వీధి సంతలా ఉండేది. సంతకం అనేసరికి సంత ఎత్తేశారు.

సంఘానికి పెద్ద జగన్నాథన్. సేదరపేట్ ఫ్యాక్టరీలకు అట్టపెట్టెలు సప్లై చేస్తాడు. ఆయన తండ్రి కూడా ఆ పదకొండు మందిలో ఒకరు. "పట్టాభీ, నీకోసం తల ఇమ్మంటే ఇస్తా" అన్నాడు ఊయల బల్ల మీద ఊగుతూ.

"తల వద్దు జగన్నా, సంతకం చాలు."

"అదే కష్టం. నాకు జీఎస్టీ ఉండాది, ఐటీ ఉండాది. ఈ పేపరు మీద నా పేరు కనబడిందనుకో, పెట్టె తెరిచి చూస్తారు. నాది పెట్టెల వ్యాపారం కదప్పా."

"మీ నాయన పోయినప్పుడు దీపం కాడ పెట్టింది నేనే గదా."

"కాదన్నానా? నోటితో ఎవరడిగినా చెప్తా. ఆఫీసరును ఇంటికి తీసుకురా, భోజనం పెట్టి చెప్తా."

లోకేశ్వరి ఇంట్లో తలుపు సగమే తెరుచుకుంది. పట్టాభిరామన్‌కు పక్కిల్లే ఆమెది. అత్త పోయినప్పుడు ఫండ్ డబ్బు పుచ్చుకుంది. "ఆయనొచ్చినాక చెప్తా పెద్దనాయనా. కడచూపు డబ్బుకు కాగితం రాయకూడదని మీరే గదా మాకు నేర్పించింది. ఇంట్లో పిల్లలుండారు. నాకు భయం."

ఆ భయం నిజమైనది. అందుకే దాని మీద ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చుంటే తోడుగానైనా ఉండేది. సాక్షుల కోసం పోతే ఇంటింటా సాకులే దొరికాయి. ఒకరికి జ్వరం, ఒకరికి తిరుపతి ప్రయాణం, ఒకరికి కొడుకు ప్రభుత్వోద్యోగం. సంచి పోయినంత బరువుతోనే తిరిగొచ్చింది. ఆ సాయంత్రం లోన్ అమ్మాయి ఫోన్ చేస్తే మొదటిసారి ఆయనే ముందు పెట్టేశాడు.

మర్నాడు అభినయ చట్టం భాగం చదివి వినిపించింది. ఒకటి, అరవైతొమ్మిది ఏ కింద పన్ను వేయాలంటే ఆ సొమ్ముకు ఆయన యజమాని అని తేలాలి. ఆయన చేతిలో ఉన్నంత మాత్రాన ఆయనది కాదు. రెండు, ఖాతాలోంచి తీసి తిరిగి వేసిన మొత్తానికి ఆ ఖాతాయే ఆధారం. మూడు, నోటీసులు ఆయనకు చేరలేదు, అందువల్ల ముందు చూపలేకపోయిన రుజువుల్ని అప్పీలులో స్వీకరించాలి. నాలుగు, సొమ్మే ఆయనది కానప్పుడు డెబ్భైఎనిమిది శాతం రేటు నిలవదు.

"రెండోది గట్టిగా ఉండాది. మొదటిదే లూజు. మీ డబ్బు కాదని మీరంటే చాలదు. సంతకాలు లేవు." ఆమె తేదీల పట్టిక మీద వేలు నడిపి మే నెల దగ్గర ఆగింది. "మామా, లీలమ్మత్త పోయింది ఈ నెలలోనే గదా."

పట్టాభిరామన్ కిటికీలోంచి టౌన్ బస్సును చూశాడు.

"ఆ వారంలో లక్ష తీసినట్టు లేదే."

"తీయలా."

"మీ ఇల్లు కూడా ఎనభైలో ఒకటే. మీకూ రావాలి."

"ఎవరిస్తారు పాపా? ఇచ్చేవాణ్ణి నేనే గదా. ఒకరు తెచ్చి దీపం పక్కన పెట్టాల. ఫండ్ డబ్బు నేనే తీసి, నా ఇంట్లో నేనే పెట్టుకుని, మాట్లాడకుండా నేనే బయటికి పోయేదా?" ఆయన నవ్వబోయాడు. "మున్సిపాలిటీ మనుషులు, నేను, అంతే. తలుపులన్నీ వేసి ఉండాయి ఆ రోజు. మీ అత్త గాజులు పెట్టి ఖర్చుకు తెచ్చినా. తర్వాత ఎవరికీ గుర్తు రాలా. గుర్తు చేసేది కూడా నా పనే, అదీ చిక్కు."

అభినయ పెన్సిల్ చెక్కుకుంది. తర్వాత ఆడిటరమ్మగా మాట్లాడింది. "ఖాతా నిండా డబ్బుంది. సొంత భార్య పోయిన రోజున మీరు దాన్ని తాకలేదు, తాకట్టుకు పోయినారు. ఆ షాపు రసీదుందా?"

"ఉండాది."

"మామా, మీరు యజమాని కాదనడానికి ఇంతకంటే రుజువు నాకు దొరకదు. అత్త డెత్ సర్టిఫికెట్ పెడదాం. పన్నెండోది."

"వద్దు."

"ఎందుకని?"

"పెడితే వీధి మీద చాడీ చెప్పినట్టుంటుంది. ఎవరూ రాలేదని సర్కారుకు రాసిచ్చేదా? వాళ్లు మాత్రం ఏం చేస్తారు, ఊపిరి పీల్చుకోవాలంటేనే భయం ఆ దినాల్లో."

"పెట్టకపోతే ఖాతా పోతాది. రేపు ఇంకొకరింట్లో దీపం పక్కన ఏమీ ఉండదు."

అది తగిలింది. ఆయన లేచి మెట్ల దాకా పోయి తిరిగొచ్చి కూర్చున్నాడు. "రాయి. ఎవరూ రాలేదని మాత్రం రాయబాక. రాగలిగిన రోజులు కావని రాయి."

ఆమె అలాగే రాసింది. సంతకం పెట్టేవాళ్లు తాము దేనికి సాక్ష్యమిస్తున్నారో తెలుసుకోవాలి కాబట్టి, మొత్తం కథనాన్ని తమిళంలో నకలు తీసి ఒక్కో ఉత్తరానికీ జత చేసింది. పట్టాభిరామన్ ఈసారి తలుపులు తట్టలేదు. ఒక్కో ఇంటి కిటికీలోంచి కవరు లోపల వేసి వచ్చేశాడు. పోస్ట్‌మ్యాన్ లాగానే, కాఫీకి ఆగకుండా.

మూడో రోజు పొద్దున లోకేశ్వరి వచ్చింది. చేతిలో కాగితాలున్నాయి. గుమ్మం దాటకుండా నిలబడింది.

"పెద్దనాయనా, మే నెలలో మా అత్త డబ్బు మీరు తెచ్చిచ్చినారే. అది పెద్దమ్మ పోయినాక ఎన్నాళ్లకు?"

"వారమనుకుంటా."

"వారానికే వచ్చినారా. మాస్కు వేసుకుని, దీపం కాడ పెట్టి, ఏమీ అనకుండా పోయినారు. మీరు అట్లా ఎందుకుండారని కూడా నేనడగలా." ఆమె కాగితాలు చాచింది. సంతకం అయిపోయి ఉంది. కింద మొగుడిదీ ఉంది. "కాగితం రాస్తే చావొస్తాదంటారు. రాయనప్పుడు మాత్రం రాకుండా ఉండిందా? కాఫీ ఉంటే ఇస్తారా?"

డికాషన్ ఉంది. పట్టాభిరామన్ పాలు పొంగించి పోసి, చక్కెర వేయడం మరిచి ఇచ్చాడు. ఆమె ఏమీ అనకుండా తాగింది.

అందరూ ఇచ్చారనడానికి ఇది సినిమా కాదు. పదకొండులో ఏడు వచ్చాయి. ఒక ఇంట్లో సంతకం పెట్టేందుకు ఎవరూ మిగల్లేదు. జగన్నాథన్ ఉత్తరం రాలేదు. దాని బదులు ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది, కాగితాలు పెట్టుకోవడానికని. పెట్టె ఇచ్చాడు గాని పెట్టాల్సింది పెట్టలేదు.

గడువుకు ముందే అభినయ అప్పీలు ఫారం ఆన్‌లైన్లో వేసింది, ఫీజు వెయ్యి కట్టింది, పోర్టల్లో డిమాండ్‌తో ఏకీభవించడం లేదని జవాబు పెట్టింది. అప్పీలు రసీదు జతచేసిన అర్జీతో ఇద్దరూ ఆదాయపు పన్ను ఆఫీసుకు వెళ్లారు. ఆఫీసరు తమిళుడు, నడివయసు మనిషి. మొదట అందరికీ చెప్పేదే చెప్పాడు. అప్పీలు తేలేదాకా ఆపాలంటే మామూలుగా ఇరవై శాతం కట్టాలి. అంతకు తగ్గించాలంటే పై అధికారికి రాయాలి.

"ఇరవై శాతం అంటే రెండున్నర లక్షలు సార్" అంది అభినయ. "ఆ ఖాతాలోంచి కట్టలేరు, అది ఆయనది కాదు. ఆయనదంటూ ఉన్నది పెన్షన్ ఒకటే."

ఆఫీసరు పేజీలు తిప్పాడు. ఎడమవైపు బ్యాంకు తేదీలు, కుడివైపు చావు తేదీలు. వేలు ఒక్కో వరసా దిగుతూ పోయి చివర ఆగింది.

"ఈ పన్నెండో సర్టిఫికెట్‌కు ఎదురుగా బ్యాంకు ఎంట్రీ లేదే. తప్పు పడిందా?"

అభినయ నోరు తెరిచింది. పట్టాభిరామన్ ముందే పలికాడు. "తప్పు కాదు సార్. అది నా భార్య."

ఆఫీసరు ఆ పేరా చదివాడు. తాకట్టు రసీదు చూశాడు. తేదీలు రెండూ ఒకటే. "డబుల్ లెక్క స్టేట్‌మెంట్‌లోనే కనబడుతోంది" అన్నాడు చివరికి, ఫైలు మీద ఏదో రాస్తూ. "నేను తీర్పు చెప్పలేను. అది అప్పీలులో తేలాలి. కానీ డబ్బు కట్టకుండా ఆపమని పైకి సిఫార్సు రాస్తాను. జవాబు వచ్చేదాకా ఖాతా జోలికి పోను."

జూన్‌లో కాగితం వచ్చింది. అప్పీలు తేలేదాకా వసూలుపై స్టే. అప్పీలు ఎప్పుడు తేలుతుందో చెప్పే కాగితం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఈలోగా అభినయ ఊరుకోలేదు. సంఘాన్ని రిజిస్టర్ చేయించింది, సంఘం పేరనే పాన్ తీయించి ఖాతా తెరిపించింది, ఇద్దరి సంతకాలుంటే తప్ప డబ్బు రాదని పెట్టింది. ఆ ఇద్దరిలో పట్టాభిరామన్ లేడు. తానే వద్దన్నాడు. ఫండ్ మొత్తం కొత్త ఖాతాకు మార్చిన రోజున ఆయన పాస్‌బుక్కులో మిగిలిన అంకె చూసి, ఇప్పుడు నేను సర్కారుకు భయపడక్కర్లేదు, సర్కారే నన్ను చూసి జాలిపడాలి అనుకున్నాడు. చెప్పడానికి మాత్రం పక్కన ఎవరూ లేరు. ఇన్నేళ్లూ ఆ ఫండే ఆయన్ని గడప దాటించేది, ఇంటింటికీ తిప్పేది. ఇప్పుడు ఆ పని కూడా పోయింది.

ఆ ఆదివారం సాయంత్రం లోకేశ్వరి వచ్చింది. వెనకాల జగన్నాథన్, ఆమెతో పాటు కొత్త ఖాతాకు సంతకాలు పెట్టే రెండో మనిషి, తల ఎత్తకుండా. లోకేశ్వరి లీలమ్మ ఫోటో ముందు దీపం వెలిగించింది. జగన్నాథన్ గుడ్డసంచిలోంచి కట్ట తీసి దీపం పక్కన పెట్టాడు. లక్ష. ఇద్దరూ మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయారు. పద్ధతి అదే.

ఆ పద్ధతిలో ఇంకొకటుంది. ఫండ్ డబ్బు ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజుకొక ఇంటివాళ్లు వచ్చి కూర్చుని పోవాలి. నాలుగేళ్లు ఆలస్యమైనా వీధి ఆ ముక్క మరవలేదు. సెంగమలం ఇడ్లీలు తెచ్చింది. ప్రభు వచ్చి క్రికెట్ పెట్టుకుని చూశాడు. సంతకం ఇవ్వని ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఏడ్చి, మజ్జిగలో ఊరిన మోరు మిరపకాయలు ఇచ్చి వెళ్లింది. పట్టాభిరామన్ రోజూ రెండు పూటలా డికాషన్ వేశాడు. చల్లారలేదు.

డబ్బులో రూపాయి ఖర్చు కాలేదు. ఏముంది ఖర్చు? లీలమ్మ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. పదహారో రోజు పొద్దున ఆయన స్నానం చేసి, కట్టను గుడ్డసంచిలో పెట్టుకుని, తిరిగిచ్చేందుకు జగన్నాథన్ ఇంటికి బయల్దేరాడు. రేపటి నుంచి ఎవరూ రానక్కర్లేదు. అభినయ కచ్చితంగా రసీదు అడగమంది, అడగాలి.

జిరాక్సు కొట్టు దగ్గర నిలబడి మేడ వైపు చూశాడు. పన్నెండు లక్షలకే స్టే తెచ్చిన పిల్ల. ఈ పదహారో రోజుకు కూడా ఏదైనా సెక్షనుందేమో, అడిగితే పోయేదేముంది అనిపించింది. కాసేపు ఆ నీడలోనే నిలబడ్డాడు. తర్వాత సంచిని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, ఎంత నెమ్మదిగా నడవొచ్చో అంత నెమ్మదిగా నడిచాడు.